పువ్వు పైన, కాయ మట్టిలో: బడికొచ్చిన శాస్త్రవేత్తను పిల్లలకు పరిచయం చేయడమెలా?

ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో అదే రోజున సర్ సి.వి. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించారు. 1987 నుంచి దేశమంతా ఆ రోజును పాటిస్తోంది. హైస్కూళ్ళలో ఆ రోజు ముగ్గులు, చార్టులు, థర్మకోల్ నమూనాలతో పాటు ఒక అతిథి కూడా ఉంటారు. దగ్గర్లోని పరిశోధన కేంద్రం నుంచో, యూనివర్సిటీ నుంచో ఒక శాస్త్రవేత్తను పిలుస్తారు. ఆయన వస్తారు, శాలువా కప్పుతారు, ఆ తర్వాత పరిచయం మొదలవుతుంది.

ఆ పరిచయం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. అతిథి ముందురోజు పంపిన బయోడేటా కాగితాన్ని ఒక మాస్టారు మైకు ముందు చదువుతారు. ఏ ఊళ్ళో పుట్టారు, ఎక్కడ ఎమ్మెస్సీ చేశారు, ఏ అంశం మీద పీహెచ్‌డీ పట్టా పొందారు, ఎన్ని పరిశోధన పత్రాలు వెలువరించారు, ఎన్ని దేశాలు తిరిగారు, ఏ ఏ అవార్డులు అందుకున్నారు. పది నిమిషాలు గడుస్తాయి. ఎండలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లలు చెప్పులతో ఇసుకలో గీతలు గీస్తుంటారు. శాస్త్రవేత్త మైకు అందుకునేసరికి వాళ్ళ మనసు సభలో ఉండదు.

తప్పు బయోడేటాది కాదు. అది ఉద్యోగమిచ్చేవాళ్ళ కోసం, సెమినార్లు నడిపేవాళ్ళ కోసం రాసినది. ఆ డిగ్రీల విలువ తూచగలిగినవాళ్ళకు దానివల్ల ఉపయోగం ఉంది. పదమూడేళ్ళ పిల్లకు అది ఒక పెద్దమనిషి ఎంత పెద్దవాడో చెబుతుందే తప్ప, ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పదు. పిల్లలకు చేసే పరిచయంలో ఉండాల్సినవి మూడే: ఈయన ఎవరు, పొద్దున లేచి ఏం పని చేస్తారు, ఆయన నోటి నుంచే వినాల్సిన ప్రశ్న ఒకటి. ఆ ప్రశ్న వేసి పక్కకు తప్పుకుంటే పరిచయకర్త పని అయిపోయినట్టే.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. అనంతపురం ప్రాంతంలోని ఒక హైస్కూలుకు కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వేరుశనగ మీద పనిచేసే శాస్త్రవేత్త ఒకామె వస్తున్నారనుకుందాం. ఆ కేంద్రం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. కదిరి-6 లాంటి వేరుశనగ రకాలు అక్కడినుంచి వచ్చినవే. ఆమె బయోడేటాలో ఒక వాక్యం ఇలా ఉంటుందనుకోండి: "వేరుశనగలో నీటి ఎద్దడిని తట్టుకునే జన్యురూపాల ఎంపిక కొరకు బాహ్యరూప లక్షణాల పరిశీలన." ఈ వాక్యంలో ఒక్క తప్పూ లేదు. అయితే అందులో మొక్క లేదు, మట్టి లేదు, పని చేసే చేయి లేదు.

వాటిని రాబట్టాలంటే సభకు రెండు మూడు రోజుల ముందు ఒక ఫోన్ చేయాలి. "మేడమ్, మీ పరిశోధన గురించి చెప్పండి" అని అడిగితే మళ్ళీ బయోడేటా భాషే వస్తుంది. అడగాల్సింది వేరే. "మేడమ్, పొలానికి వెళ్ళాక చేతులతో ఏం పని చేస్తారు?" అని అడగాలి. అప్పుడు ఆమె గొంతు మారుతుంది. వేరుశనగ పువ్వు తన పుప్పొడితో తానే ఫలిస్తుందని, అందుకే రెండు రకాలను కలపడం చాలా ఓపిక పని అని చెబుతారు. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తుపట్టి, సన్నటి పట్టకారుతో రేకులు తెరిచి, లోపలి పుప్పొడి తిత్తులను ఏరేయాలి. మర్నాడు తెల్లవారాక వేరే రకం పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి దానికి అద్దాలి. అలా వచ్చిన గింజలను ఏటేటా వేసి, వాన తక్కువైనప్పుడు ఏ మొక్క కాయ నిలుపుకుందో చూసి ఏరుకోవాలి. కొత్త రకం రైతు చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది.

అడగాల్సిన రెండో మాట: "ఈ మొక్కలో మిమ్మల్ని ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఏమిటి?" మూడోది: "దీని గురించి జనం సాధారణంగా పొరపాటు పడేది ఎక్కడ?" మంచి ప్రశ్న చాలాసార్లు ఈ మూడోదాని జవాబులోనే దొరుకుతుంది. వేరుశనగ విషయంలో ఆ పొరపాటు ఏమిటో తెలిసిందే. చాలామంది కాయ వేరుకు కాస్తుందనుకుంటారు. పొలం ఉన్న ఇళ్ళ పిల్లలు కూడా మొక్క పీకినప్పుడు వేళ్ళ మధ్య వేలాడే కాయలను చూసి అలాగే అనుకుంటారు.

ఇప్పుడు ప్రశ్న తయారు చేయాలి. ఇక్కడ మనస్తత్వ శాస్త్రం కొంత సాయం చేస్తుంది. అమెరికా పరిశోధకుడు జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో కుతూహలం గురించి ఒక వివరణ ఇచ్చాడు. మనకు తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఖాళీ ఉందని మనకే తెలిసినప్పుడు కుతూహలం పుడుతుందన్నది దాని సారాంశం. అంటే బొత్తిగా తెలియని విషయం మీద కుతూహలం కలగదు. ఎంతోకొంత తెలిసి ఉండాలి, ఆ తెలిసినదాంట్లో చిల్లు కనబడాలి.

ఈ కొలబద్దతో కొన్ని ప్రశ్నలను చూద్దాం. "నీటి ఎద్దడిని తట్టుకునే రకాలను ఎలా రూపొందిస్తారు?" ఇందులో పిల్లలకు తెలిసిన సగం లేదు. "వేరుశనగ మంచి పంటేనా?" అవునంటే అయిపోతుంది. "వేరుశనగ శాస్త్రీయ నామం ఏమిటి?" ఇది క్విజ్ ప్రశ్న. తెలిసిన ఒక్కడు చెబుతాడు, మిగిలినవాళ్ళు చప్పట్లు కొడతారు. "వేరుశనగ కాయలు వేళ్ళకే ఎందుకు కాస్తాయి?" ఇది వినడానికి బాగానే ఉంది కానీ అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అసలు ఆధారమే తప్పు. ఈ ప్రశ్నను మైకులో అడిగితే, అతిథి ముందు దాన్ని సరిదిద్దాలి, ఆ తర్వాత జవాబు చెప్పాలి. సరిదిద్దడానికి మొహమాటపడితే పిల్లలు ఆ తప్పునే ఇంటికి తీసుకెళతారు. అందుకే ఎంచుకున్న ప్రశ్నను సభకు ముందే అతిథికి చదివి వినిపించాలి. "ఇందులో తప్పేమైనా ఉందా మేడమ్? మీ ప్రసంగంలో దీనికి జవాబు వస్తుందా?" అని అడగాలి. జవాబు రాని ప్రశ్నతో పిల్లలను ఊరించడం మోసం చేసినట్టే.

పనికొచ్చే ప్రశ్న ఇది: "శెనక్కాయ మొక్కకు పువ్వు పైన పూస్తుంది, కాయ మట్టిలో ఉంటుంది. మధ్యలో ఏం జరిగింది?" మొదటి రెండు ముక్కలూ ఆ ఊరి పిల్లలకు కళ్ళారా తెలుసు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి వాళ్ళెప్పుడూ చూడలేదు. పెట్టగానే ఖాళీ కనబడుతుంది. పైగా ఎవరైనా ఏదో ఒక జవాబు ఊహించగలరు. పువ్వు రాలి మట్టిలో పడిందని ఒకడంటాడు. పువ్వు వేరు, కాయ వేరు, వాటికి సంబంధమే లేదని ఇంకో అమ్మాయి అంటుంది. హాల్లో కనీసం రెండు వేర్వేరు జవాబులు వచ్చాయంటే ప్రశ్న కుదిరినట్టు. అందరూ ఒకే జవాబు చెప్పినా, ఒక్కరూ నోరు మెదపకపోయినా కుదరనట్టు. ముందురోజు ఏడో తరగతి పిల్లలు నలుగురిని అడిగి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

పరిచయం చేసేది ఉపాధ్యాయులే కానక్కర్లేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి చేస్తే ఇంకా బాగుంటుంది. సాటి పిల్లలు వింటారు, అతిథి కూడా ఏ స్థాయిలో మాట్లాడాలో గ్రహిస్తారు. ఆ అమ్మాయి చెప్పే మాటలు ఇలా ఉండవచ్చు:

"అందరికీ నమస్కారం. ఇవాళ మన బడికి డాక్టర్ ఫలానా గారు వచ్చారు. కదిరిలో శెనక్కాయ పంట మీద పరిశోధన చేస్తారు. వాన వెనకబడినా నాలుగు కాయలు నిలుపుకునే మొక్క కోసం వెతకడం మేడమ్ పని. దానికోసం సాయంత్రం పూట పొలంలో కూర్చుని, ఇంకా విచ్చుకోని మొగ్గను పట్టకారుతో తెరుస్తారు. మర్నాడు పొద్దున్నే ఇంకో రకం పుప్పొడి తెచ్చి దానికి అద్దుతారు. అలా వచ్చిన గింజలను ఏటేటా వేసి చూస్తారు.

"మనకు శెనక్కాయ చేను కొత్త కాదు. పసుపుపచ్చ పువ్వు ఎక్కడ పూస్తుంది? పైన, ఆకుల మధ్య. కాయ ఎక్కడ ఉంటుంది? మట్టిలో. జామచెట్టుకు పువ్వు ఉన్నచోటే కాయ కాస్తుంది. టమాటాకూ అంతే. మరి శెనక్కాయకు పువ్వు పైన పూస్తే కాయ మట్టిలోకి ఎలా వెళ్ళింది? మీకేమనిపిస్తే అది నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి. మేడమ్ చెప్పాక సరిచూసుకుందాం. మేడమ్, మీరు రండి."

నింపాదిగా చెప్పినా రెండు నిమిషాలు దాటదు. ఇందులో పీహెచ్‌డీ లేదు, అవార్డు లేదు, "ప్రపంచ ప్రఖ్యాత" లేదు. అతిథిని చిన్నబుచ్చినట్టవుతుందేమోనని ప్రధానోపాధ్యాయులకు అనుమానం రావచ్చు. ఆ గౌరవాలన్నీ ఆహ్వాన పత్రికలో వేయించవచ్చు, శాలువా కప్పేటప్పుడు ఒక వాక్యంలో చెప్పవచ్చు. మొగ్గను పట్టకారుతో తెరిచే మనిషి అని పిల్లలకు తెలియడంలో గౌరవం తగ్గేది ఏమీ లేదు.

ఈ పరిచయంలో భాష గురించి ఒక మాట. "ఫలదీకరణం", "అండాశయం", "సంకరణం" అనే మాటలు పిల్లల పుస్తకంలో ఉన్నవే. అయినా పరిచయంలో అవి రాలేదు. సులభమైన భాష అంటే పారిభాషిక పదాల మీద నిషేధం కాదు. ముందు వస్తువును, పనిని చూపించి, పేరు తర్వాత చెప్పడం. పేరు పెట్టే పని అతిథిది. పిల్లలు మొగ్గను, పుప్పొడిని మనసులో చూసిన తర్వాత ఆమె "దీన్నే సంకరణం అంటారు" అంటే ఆ మాట అంటుకుంటుంది. ఇంకొకటి, ఆ ఊళ్ళో శెనక్కాయ అంటే శెనక్కాయ అనే చెప్పాలి. తెలంగాణ బడిలో అయితే పల్లికాయ అనాలి. మైకు ముందుకు రాగానే గ్రాంథికంలోకి జారితే, పిల్లలకు తెలిసిన చేను కాస్తా తెలియని చేను అయిపోతుంది.

ప్రశ్న వేశాక చేయకూడని పని జవాబు చెప్పేయడం. ఉపాధ్యాయులకు ఇది చాలా కష్టం. ప్రశ్న అడిగి, మూడు సెకన్లు ఆగి, తామే చెప్పేసే అలవాటు తరగతి గదిలో ఏళ్ళ తరబడి స్థిరపడి ఉంటుంది. జవాబు కోసం ఎదురుచూసే సమయం ఎంత విలువైనదో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో మథియాస్ గ్రూబర్, చరణ్ రంగనాథ్ తదితరులు చేసిన ఒక ప్రయోగం చూపింది. దాన్ని 2014లో ప్రచురించారు. మనుషులకు కొన్ని ప్రశ్నలు వేసి, జవాబు చూపే ముందు కొద్దిసేపు ఆపి, ఆ విరామంలో ప్రశ్నతో ఏ సంబంధమూ లేని ముఖం ఒకటి చూపారు. కుతూహలం ఎక్కువ కలిగించిన ప్రశ్నల విషయంలో జవాబులే కాదు, ఆ మధ్యలో చూసిన ముఖాలు కూడా తర్వాత మెరుగ్గా గుర్తున్నాయి. ప్రయోగశాలలో పెద్దవాళ్ళ మీద చేసిన ప్రయోగం కాబట్టి దాన్ని యథాతథంగా బడికి అన్వయించలేం. అయినా జవాబు కోసం చూస్తున్న మెదడు చుట్టుపక్కల వచ్చేదాన్ని కూడా పట్టుకుంటుందనే సూచన మాత్రం మనకు పనికొస్తుంది. అందుకే జవాబును అతిథికే వదిలేయాలి. అలాగని ప్రసంగం చివరిదాకా దాచమనీ చెప్పకూడదు. మొదటి అయిదు పది నిమిషాల్లో జవాబు వస్తే, మిగతా ప్రసంగం దాని మీద నిలుస్తుంది.

ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో, అది ఆమె పరిశోధనలోకి ఎలా తలుపు తీస్తుందో ఇప్పుడు చూద్దాం. విత్తిన నెల రోజులకు అటూ ఇటూగా పూత మొదలవుతుంది. పువ్వు పొద్దున్నే విచ్చుకుని అదే రోజు వాడిపోతుంది. వాడిన పువ్వు అడుగున అండాశయం మాత్రం మిగిలి ఉంటుంది. వారం రోజులు గడిచేసరికి దాని అడుగు నుంచి సన్నటి కాడ ఒకటి సాగడం మొదలుపెడుతుంది. రైతులు దీన్నే ఊడ అంటారు. అండాశయం ఆ ఊడ కొనలో ఉంటుంది. ఊడ నేరుగా నేలవైపు పెరిగి, మట్టిని పొడుచుకుని కొన్ని సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. అక్కడ కొన అడ్డంగా తిరిగి ఉబ్బి కాయవుతుంది. అంటే కాయను మట్టిలోకి మొక్కే స్వయంగా దింపింది. కాయ వేరుకు కాయలేదు, పువ్వుకే కాసింది.

పిల్లలు తర్వాత అడిగే ప్రశ్న ఊహించవచ్చు. ఊడ నేలకు అందకపోతే? అందకపోతే కాయ లేదు. ఊడ కొనలోని పిండం వెలుగులో ఉన్నంతసేపూ ఎదుగుదల ఆపుకుని ఉంటుంది. మట్టిలోని చీకటి దొరికాకే కాయ ఊరుతుంది. ఊడ సాగడానికీ ఒక హద్దుంది. మొక్క పై కొమ్మల్లో, జానెడు ఎత్తుకు మించి పూసిన పువ్వుల ఊడలు చాలావరకు నేలను చేరకుండానే కొన ఎండిపోతాయి. ఇక వాన లేక పైమట్టి గట్టిపడితే, నేలను చేరిన ఊడ కూడా లోపలికి దిగలేదు. అనంతపురం రైతు ఊడలు దిగే సమయంలో ఆకాశం వైపు చూసేది ఇందుకే. ఆమె పరిశోధన చేసే "నీటి ఎద్దడి" ఇక్కడ పిల్లల కళ్ళముందుకు వస్తుంది. ఒక్క ప్రశ్న నుంచి మొదలై, బయోడేటాలో అర్థం కాని వాక్యం దగ్గరికే పిల్లలు చేరుకున్నారు. ఈసారి అది అర్థమవుతుంది.

ఇంట్లో చూసే ఇంకో పనికి కూడా కారణం తెలుస్తుంది. పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సమ్ మొక్కల మొదళ్ళ దగ్గర వేయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. జిప్సమ్‌లో కాల్షియం ఉంటుంది. వేళ్ళు పీల్చిన కాల్షియం నీటితో పాటు ఆకులకు ఎక్కుతుంది గానీ, తిరిగి మట్టిలోని కాయకు దిగదు. కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుంచి దాన్ని నేరుగా తీసుకోవాలి. అది చాలకపోతే గింజ పట్టని తాలు కాయలు మిగులుతాయి.

ఆ రోజు సభలో ఒక వస్తువు తప్పక ఉండాలి. ఫిబ్రవరి చివరికి నీటి వసతి ఉన్న చేలల్లో యాసంగి వేరుశనగ ఊడలు దిగి, కాయలు ఊరే దశలో ఉంటుంది. ఒక మొక్కను పారతో మట్టి గడ్డతో సహా లేపి, బకెట్‌లో నీళ్ళు పోసి మెల్లగా కడిగితే, కొమ్మ నుంచి దిగిన ఊడ, దాని కొనన ఉన్న కాయ, పక్కనే దేనికీ సంబంధం లేకుండా ఉన్న వేరు, వేరు మీది చిన్న బుడిపెలు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. చేత్తో లాగి పీకితే ఊడలు తెగిపోయి, కాయ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. ఆ మొక్కను పరిచయం అయ్యేదాకా బల్ల కిందే ఉంచాలి. ముందే చూపిస్తే ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది.

అతిథి మారితే ప్రశ్న మారుతుంది, పద్ధతి మారదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ నుంచి ఎవరైనా వస్తే, "సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని సునామీ వస్తుందని ఎలా చెబుతారు?" అని అడగవచ్చు. దేశానికి సునామీ హెచ్చరికలు 2007 నుంచి వెలువడుతున్నది అక్కడినుంచే. ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ నుంచి భూగర్భ జలాల శాస్త్రవేత్త వస్తే, "తవ్వకుండా భూమి లోపల నీళ్ళున్నాయని ఎలా తెలుస్తుంది?" అన్నది చాలు. బోరు ఎండిన ఇంటి పిల్లలు దానికి జవాబు వినకుండా కదలరు. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ కేంద్రం నుంచి వస్తే, "మబ్బు లేని ఆకాశంలో గాలి ఎటు వీస్తోందో రాడార్‌కు ఎలా కనబడుతుంది?" అని అడగవచ్చు. మూడింటిలోనూ సగం పిల్లలకు తెలిసినదే. మిగతా సగం అతిథి పని.

రామన్ ఈ కిటుకును బాగా ఎరిగినవారు. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలం ఆయన్ను పట్టుకుంది. ఆకాశం రంగే నీటిలో కనబడుతోందన్న వివరణతో ఆయన తృప్తిపడలేదు. ఉపరితలం మీది ప్రతిబింబాన్ని ఒక పట్టకం సాయంతో తొలగించి చూసినా నీలం అలాగే ఉంది. ఏడేళ్ళ తర్వాత వచ్చిన ఆవిష్కరణకు అక్కడే బీజం పడింది. ఎనభై ఏళ్ళ వయసులో, 1968 డిసెంబరు 22న, అహ్మదాబాద్‌లో కమ్యూనిటీ సైన్స్ సెంటర్‌కు శంకుస్థాపన చేస్తూ ఆయన ఇచ్చిన ప్రసంగానికి ఎంచుకున్న అంశం "ఆకాశం నీలంగా ఎందుకుంటుంది" అన్నది. నోబెల్ బహుమతి పొందిన మనిషి తన ప్రసంగాన్ని ఒక్క ప్రశ్న మీద నిలబెట్టుకున్నారు.

ప్రధానోపాధ్యాయులకు, సైన్స్ మాస్టార్లకు ఒక విన్నపం. వచ్చే ఫిబ్రవరి 28కి అతిథి బయోడేటాను నోటీసు బోర్డుకు అంటించండి, చదవాలనుకున్నవాళ్ళు చదువుకుంటారు. మైకును మాత్రం ఒక విద్యార్థినికి ఇచ్చి, రెండు నిమిషాలు, ఒక్క ప్రశ్న అని చెప్పండి. సభ ముగిశాక పిల్లల నోటుబుక్కులు తెరిచి, వాళ్ళు మొదట రాసిన వాక్యం కింద ఇంకో వాక్యం చేరిందో లేదో చూడండి. చేరితే పరిచయం ఫలించినట్టు. లేకపోతే, వచ్చే ఏడు ప్రశ్న మార్చండి.